ఫ్లాట్‌లో పగలగొట్టే పని పెట్టుకున్నారా? ఇరుగుపొరుగుకు ఉత్తరం ఇలా రాయండి

లిఫ్ట్ పక్కన అంటించే ఇలాంటి కాగితం మీరూ చూసే ఉంటారు. "మా ఫ్లాట్‌లో రిపేర్ పనులు జరుగుతున్నందున కొద్ది రోజులు అసౌకర్యం కలుగుతుంది. దయచేసి సహకరించగలరు." చదివినవాళ్లకి దీనివల్ల తెలిసేది ఏమీ ఉండదు. కొద్ది రోజులంటే నాలుగా, నలభయ్యా? చప్పుడు పొద్దున్నా, సాయంత్రమా? పసిబిడ్డ ఉన్న తల్లి ఆ వారం పుట్టింటికి వెళ్తే సరిపోతుందా, నెలంతా వెళ్లాలా? ఇవి తెలియక మూడో రోజుకల్లా కిందింటివాళ్లు పైకి వస్తారు, గొడవ మొదలవుతుంది. అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్నప్పుడు నేను సర్దుబాటు చేసిన గొడవల్లో ఎక్కువ భాగం చప్పుడు వల్ల కాదు, అది ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియకపోవడం వల్ల వచ్చినవే.

కాబట్టి ఉత్తరంలో ఉండాల్సింది క్షమాపణ కన్నా ముందు టైంటేబుల్. ఏ రోజు, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఎలాంటి చప్పుడు, దుమ్ము ఏ వైపు నుంచి వస్తుంది, దానికి మీరేం చేస్తున్నారు, వాళ్లేం చేసుకోవాలి. ఇది రాయాలంటే ముందు మీకు తెలియాలి. అందుకే మొదట కలం పట్టుకోకండి, మేస్త్రీని పట్టుకోండి.

మొదట మేస్త్రీతో కూర్చోవడం

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ హబ్సిగూడలో ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంటు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు. మూడో అంతస్తులో 303 యజమాని హాలు, డైనింగ్ కలిపి 400 చదరపు అడుగుల గచ్చు పగలగొట్టి కొత్త టైల్స్ వేయించాలనుకున్నారు. దాంతోపాటు రెండు బాత్‌రూములు, కొంత కరెంటు పని, చివర్లో పుట్టీ, పెయింటు.

మేస్త్రీని "ఎన్ని రోజుల పని?" అని అడిగితే "నెల అవుతుంది సార్" అంటాడు. ఆ జవాబు ఉత్తరానికి పనికిరాదు. అడగాల్సింది వేరు. గచ్చు పగలగొట్టే మిషన్, అదే బ్రేకర్, ఎన్ని రోజులు ఆడుతుంది? గోడలకి గాడులు కొట్టేది ఎన్ని రోజులు? టైల్ కటింగ్ మిషన్ ఎన్ని రోజులు? పుట్టీని నున్నగా చేయడానికి ఎమరీ ఎప్పుడు కొడతారు? ఈ నాలుగే ఇరుగుపొరుగుకు తగిలే పనులు. మిగతా రోజుల్లో లోపల పని జరుగుతోందన్న సంగతే వాళ్లకి పెద్దగా తెలియదు.

వీటిలో బ్రేకర్ సంగతి ప్రత్యేకం. గచ్చు మీద బ్రేకర్ పెట్టినప్పుడు చప్పుడు గాలిలోంచి వెళ్లడం తక్కువ, స్లాబులోంచి, పిల్లర్లలోంచి వెళ్లడం ఎక్కువ. అందుకే సరిగ్గా కిందున్న 203కే కాదు, ఇంకా కిందున్న 103కి కూడా తమ పక్క గదిలోనే కొడుతున్నట్టు వినిపిస్తుంది. కిటికీలు, తలుపులు మూసుకున్నా తేడా ఉండదు. టైల్ కటింగ్ మిషన్ అలా కాదు. అది గాలిలోంచి వచ్చే కీచుమోత, బాల్కనీ తలుపు మూస్తే సగానికి సగం తగ్గినట్టు అనిపిస్తుంది. అంటే బ్రేకర్ రోజుల గురించి "కిటికీలు మూసుకోండి" అని రాయడం శుద్ధ దండగ. ఆ రోజులకి కావలసింది కచ్చితమైన గంటలు. కటింగ్ రోజులకి మాత్రం తలుపు మూసుకోమనే సలహా నిజంగా పనికొస్తుంది.

ఇంకొకటి అడగండి: ఒక బ్రేకర్ తెస్తున్నాడా, రెండా? రెండు మిషన్లు ఒకేసారి ఆడితే మోత రెట్టింపు అవుతుందని చాలామంది భయపడతారు. నిజానికి చెవికి కొంచెమే పెరిగినట్టు ఉంటుంది, రోజులు మాత్రం దాదాపు సగమవుతాయి. ఎనిమిది రోజులు ఒక మిషన్ మోత భరించడం కన్నా నాలుగు రోజులు రెండు మిషన్ల మోత భరించడమే ఎవరికైనా నయం. హాలు, బాత్‌రూములు అన్నీ ఒకే దఫాలో పగలగొట్టేలా మాట్లాడుకోండి. ఈ వారం హాలు, రెండు వారాల తర్వాత బాత్‌రూము అంటే ఒప్పుకోవద్దు. అయిపోయిందనుకున్న చప్పుడు మళ్లీ మొదలైతే జనానికి వచ్చే కోపం మొదటి రోజు కోపం కన్నా ఎక్కువ.

మేస్త్రీ మూడు రోజులంటే మీరు నాలుగు రాసుకోండి. ముందే అయిపోతే సంతోషిస్తారు, ఒక్క రోజు పెరిగినా తప్పు పడతారు. సంక్రాంతికి, దసరాకి, దీపావళికి కూలీలు ఊళ్లకి వెళ్తే ఎప్పుడు తిరిగొస్తారో చెప్పలేం, కాబట్టి పగలగొట్టే రోజుల్ని పండగకి ఆనించి పెట్టకండి. శ్రావణంలో ముహూర్తం పెట్టుకుని ఆషాఢంలో పని తోసేవాళ్లు చివరి వారంలో రాత్రి పదింటిదాకా కటింగ్ చేయిస్తారు. ఆ పరిస్థితి తెచ్చుకోవద్దు. ఇంటర్, పదో తరగతి పరీక్షలు మామూలుగా మార్చి చుట్టుపక్కల ఉంటాయి. పిల్లలున్న అపార్ట్‌మెంటులో ఫిబ్రవరి, మార్చి నెలల్లో బ్రేకర్ పెట్టకపోవడమే మర్యాద.

పగలగొట్టిన మట్టి లెక్క

చాలా ఉత్తరాల్లో ఈ సంగతే ఉండదు. దుమ్ము గురించి వచ్చే ఫిర్యాదుల్లో సగం మెట్లమీద, లిఫ్టులో పడ్డ మట్టి గురించే.

పాత టైల్, దాని కింద సిమెంటు మాలు కలిపి సుమారు మూడంగుళాల మందం ఉంటే చదరపు అడుగుకి 13 కిలోల దాకా బరువు వస్తుంది. 400 చదరపు అడుగులకి ఐదు టన్నుల పైమాటే. బాత్‌రూముల మట్టి దీనికి అదనం. కూలీలు సిమెంటు సంచుల్లో 30 కిలోల చొప్పున నింపుతారనుకుంటే, హాలు ఒక్కదానికే 170 బస్తాలు దాటతాయి. ఆరుగురు ఎక్కే మామూలు లిఫ్టు మోసేది 408 కిలోలు. ఇద్దరు కూలీలు ఎక్కితే మిగిలేది ఎనిమిది బస్తాలకే చోటు. అంటే ఇరవైకి పైగా ట్రిప్పులు. ఇంతసేపు లిఫ్టు పట్టుకుని కూర్చుంటే ఐదో అంతస్తులో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ గతేమిటి?

కాబట్టి లిఫ్టుకి కూడా గంటలు రాయాలి. ఆఫీసులకి, స్కూళ్లకి వెళ్లేవాళ్లు వెళ్లిపోయాక, పిల్లలు తిరిగి రాకముందు, అంటే పదకొండున్నర నుంచి ఒకటిన్నర దాకా మంచి సమయం. బస్తాల మూతులు సుతిలితో కట్టించండి, లిఫ్టు గోడలకి పాత ప్లైవుడ్ ముక్కలు, కింద గోనె పట్టా వేయించండి. మట్టిని లిఫ్టులో దింపడానికి మీ అసోసియేషన్ ఒప్పుకోకపోతే మెట్లే గతి. అప్పుడు రోజూ సాయంత్రం మూడో అంతస్తు నుంచి గేటుదాకా తడిగుడ్డతో తుడిచే మనిషి ఖర్చు కూడా మీ బడ్జెట్‌లో వేసుకోండి. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ వాళ్ల గుమ్మాల్లోనే పడుతుంది.

ఆ మట్టి ఎక్కడికి పోతుందో కూడా మేస్త్రీని అడగండి. రోడ్డు పక్కనో, నాలా ఒడ్డునో, చెరువు దగ్గరో కుమ్మరించడం నేరం. హైదరాబాద్‌లో అయితే జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో నిర్మాణ వ్యర్థాల ప్లాంట్లు ఉన్నాయి. "తీసుకుపోతాం సార్" అంటే చాలదు, బండి ఏ రోజు వస్తుందో కనుక్కోండి. సెల్లార్‌లో బస్తాలు వారం రోజులు పడి ఉంటే, ఆ పార్కింగ్ చోటు ఎవరిదో వాళ్లు మీతో మాట్లాడటం మానేస్తారు.

ఉత్తరం కన్నా ముందు 203 తలుపు తట్టండి

అసోసియేషన్‌కి అర్జీ ఇచ్చి అనుమతి తీసుకోవడం ఎలాగూ తప్పదు. బైలాలో పని గంటలు, ఆదివారం సంగతి, డిపాజిట్ ఏమైనా రాసి ఉంటే ముందే చూసుకోండి. అది అయ్యాక, ఉత్తరం పంచకముందే, సరిగ్గా కిందున్న ఇంటికి స్వయంగా వెళ్లండి. వాట్సాప్ మెసేజీ చాలదు. వాళ్లకి పడే బాధ మిగతావాళ్లందరి బాధ కన్నా ఎక్కువ. పైగా మీ బాత్‌రూము గచ్చు అంటే వాళ్ల బాత్‌రూము సీలింగే.

వెళ్లినప్పుడు వాళ్ల ఎదురుగానే వాళ్ల హాలు సీలింగు, రెండు బాత్‌రూముల సీలింగులు ఫోన్‌లో ఫొటోలు తీసి, అక్కడికక్కడే వాళ్లకీ పంపండి. పాత అపార్ట్‌మెంటుల్లో సీలింగు పెచ్చులు వదులై ఉంటాయి. బ్రేకర్ అదురుకి రాలొచ్చు. ముందునుంచే ఉన్న చెమ్మ మరకేది, మీ పని వల్ల వచ్చిన మరకేది అన్న వాదన తర్వాత రాకుండా ఉండాలంటే తేదీతో ఉన్న ఈ ఫొటోలే ఇద్దరికీ ఆధారం. ఎక్కడైనా పెచ్చు ఉబ్బి కనిపిస్తే, ఆ నాలుగు రోజులు దాని కింద మంచం, ఊయల పెట్టొద్దని చెప్పండి.

మన ఉదాహరణలో 203లో ఉండేది రిటైరైన పెద్దాయన, ఆయన భార్య. 303 అమ్మాయి తేదీలు చెప్పగానే ఆయన గోడమీది క్యాలెండరు దగ్గరికి వెళ్లి చూశారు. "పదిహేడు మంగళవారం మా నాన్నగారి తద్దినం అమ్మా. భోక్తలు వస్తారు, మంత్రం వినపడకపోతే ఎలా?" అన్నారు. "ఆ రోజు మూడింటిదాకా బ్రేకర్ ముట్టుకోనివ్వను అంకుల్" అంది ఆమె. "అది చాలు తల్లీ, మిగతా రోజులు మేం మా చెల్లెలింటికి వెళ్లొస్తాం" అన్నారాయన. ఉత్తరం పంచేశాక ఈ మాట తెలిసుంటే కాగితం మళ్లీ మార్చాల్సి వచ్చేది. అప్పటికే మేస్త్రీ ఇద్దరు కూలీలకి ఆ రోజుకి మాట ఇచ్చేసి ఉండేవాడు.

ఉత్తరం

పని మొదలవడానికి వారం ముందు ఇవ్వండి. మరీ నెల ముందిస్తే మర్చిపోతారు, రెండు రోజుల ముందిస్తే ఏర్పాటు చేసుకునే వీలుండదు. ఒక పేజీ దాటకూడదు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. మన అపార్ట్‌మెంటుల్లో తెలుగు చదవని కుటుంబాలు కూడా ఉంటాయి కాబట్టి వెనకవైపు అదే విషయం హిందీలోనో ఇంగ్లిషులోనో వేయించండి. నమూనా ఇదిగో, తేదీలు, నంబర్లు మీవి పెట్టుకోండి.

నవంబరు 9

ఇరుగుపొరుగు వారందరికీ నమస్కారం.

నవంబరు 16 సోమవారం నుంచి మా ఫ్లాట్ 303లో హాలు గచ్చు, రెండు బాత్‌రూములు తీసి కొత్తగా వేయిస్తున్నాం. అసోసియేషన్ అనుమతి ఉంది. పిల్లర్లు, బీములు, గోడలు వేటినీ తొలగించడం లేదు. డిసెంబరు 19 శనివారానికి పని పూర్తవుతుంది. ఆదివారాలు పని ఉండదు.

బాగా చప్పుడు ఉండేది మొదటి నాలుగు రోజులు, నవంబరు 16 నుంచి 19 వరకు. బ్రేకర్ ఉదయం 10:30 నుంచి 1 గంట వరకు, మళ్లీ మధ్యాహ్నం 3 నుంచి 5:30 వరకు ఆడుతుంది. 17వ తేదీ మాత్రం మధ్యాహ్నం 3 తర్వాతే. 1 నుంచి 3 వరకు ఏ రోజూ మిషన్ పెట్టం. ఈ చప్పుడు కిటికీలు మూసినా తగ్గదు, 03 వరుస ఫ్లాట్లకి ఎక్కువగా వినిపిస్తుంది.

నవంబరు 18, 19, 20 తేదీల్లో 11:30 నుంచి 1:30 వరకు మట్టి బస్తాలు దింపడానికి లిఫ్టు వాడతాం. ఎవరైనా వస్తే ఆపి ముందు వాళ్లకే ఇస్తారు. బస్తాలు 20వ తేదీ సాయంత్రం బండిలో వెళ్లిపోతాయి.

నవంబరు 23 నుంచి 25 వరకు గోడలకి గాడులు కొట్టే పని, అవే గంటల్లో. 24వ తేదీ ఉదయం 11 నుంచి 1 వరకు 03 వరుస బాత్‌రూములకి నీళ్లు రావు. దయచేసి ముందుగా పట్టుకోండి.

డిసెంబరు 3 నుంచి 10 వరకు టైల్స్ కటింగ్ ఉంటుంది. ఇది ఉండుండి వచ్చే మోత, బాల్కనీ తలుపు మూస్తే తగ్గుతుంది. నీళ్లు పోస్తూ కోయిస్తాం.

దుమ్ము ఎక్కువగా ఉండేది డిసెంబరు 14, 15 తేదీల్లో, పుట్టీకి ఎమరీ కొట్టేటప్పుడు. ఆ రెండు రోజులు షాఫ్టు వైపు కిటికీలు మూసి ఉంచండి, ఉతికిన బట్టలు అటువైపు ఆరేయకండి. మా తలుపుకి, షాఫ్టు కిటికీలకి ప్లాస్టిక్ షీటు కట్టిస్తాం. మెట్లు, వరండా రోజూ సాయంత్రం 6 గంటలకి తడిగుడ్డతో తుడిపిస్తాం.

మీ ఇంట్లో ఎవరికైనా ఆరోగ్యం బాగోలేకపోయినా, పరీక్షలున్నా, నైట్ షిఫ్ట్ చేసి పగలు నిద్రపోయేవాళ్లున్నా, ఏదైనా కార్యం ఉన్నా నవంబరు 14వ తేదీలోగా చెప్పండి. వీలైనంత వరకు గంటలు మారుస్తాం. పని జరుగుతుండగా ఇబ్బంది అయితే నేరుగా నాకు ఫోన్ చేయండి. నేను ఎత్తకపోతే మేస్త్రీ నంబరు కూడా కింద ఉంది.

మీకు కలిగే ఇబ్బందికి మన్నించమని కోరుతూ,
ఫ్లాట్ 303
ఫోన్ నంబర్లు

దీన్ని మార్చుకునేటప్పుడు

"పిల్లర్లు, బీములు, గోడలు వేటినీ తొలగించడం లేదు" అనే మాట అనవసరం అనిపించి తీసేయకండి. పాత బిల్డింగులో బ్రేకర్ మోత వినగానే చాలామందికి వచ్చే మొదటి టెన్షన్ చెవుల గురించి కాదు, బిల్డింగు గురించే. అయితే ఆ మాట నిజమైతేనే రాయండి. గోడ తీసేస్తున్నట్టయితే ఏ గోడో, దాన్ని ఏ ఇంజినీరు చూశారో రాయాలి.

మధ్యాహ్నం రెండు గంటల విరామాన్ని మేస్త్రీ ఇష్టపడడు, "రోజు సాగదు సార్" అంటాడు. ఒప్పించండి. ఆ టైములో మట్టి సంచులకి ఎత్తడం, కొలతలు వేయడం, భోజనాలు కానివ్వమనండి. పసిపిల్లలు, పెద్దవాళ్లు కన్ను మూసేది అప్పుడే. రంజాన్ నెలలో అయితే ఉపవాసం ఉండేవాళ్లు కూడా మధ్యాహ్నమే కాస్త నడుం వాలుస్తారు. అందరికీ నప్పే గంటలంటూ ఉండవు. 304లో అమెరికా టైంకి పనిచేసే కుర్రాడు పన్నెండింటిదాకా నిద్రపోతాడు, 202లో ఆవిడకి సరిగ్గా పదకొండింటికి ఆఫీసు మీటింగు. ఇద్దరినీ ఒకేసారి మెప్పించలేరు. గంటలు ముందే తెలిస్తే ఆ కుర్రాడు నాలుగు రోజులు స్నేహితుడి రూముకి పోతాడు, ఆవిడ ఆఫీసుకి వెళ్తుంది. కచ్చితత్వం వల్ల వచ్చే లాభం అదే.

చట్టం సంగతి తెలుసుకోండి, ఉత్తరంలో మాత్రం పెట్టకండి. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి హద్దు 55 డెసిబుల్స్, రాత్రి 45. రాత్రి అంటే పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా. బ్రేకర్ మోత ఈ అంకెలకి ఎంతో పైన ఉంటుంది. కాబట్టి "రూల్ ప్రకారం మాకు రాత్రి పదిదాకా హక్కుంది" అనే వాదన మీకే ఎదురు తిరుగుతుంది. "మీరు పని చేయించినప్పుడు మేం ఓర్చుకున్నాం కదా" అనే మాట కూడా వద్దు. అది నిజమే అయినా, చదివినవాళ్లకి ఎత్తిపొడుపుగానే తగులుతుంది.

"దుమ్ము అస్సలు రాదు" అని రాయకండి. వస్తుంది. ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది అన్నదే చెప్పగలరు. టైల్, గ్రానైట్ పొడిగా కోస్తే వచ్చే దుమ్ములో ఊపిరితిత్తులకి హాని చేసే సిలికా ఉంటుంది. నీళ్లు పోస్తూ కోస్తే చాలావరకు అణిగిపోతుంది. కూలీలకి తడి కోత విసుగు, ఎందుకంటే బురద అవుతుంది. అందుకని మొదటి రోజు మీరు పక్కనుండి చూడాలి. వరండాలోకో, బాల్కనీలోకో తెల్లటి మేఘంలా వస్తోందంటే పొడిగా కోస్తున్నారనే అర్థం. ఆ బురద నీళ్లు బాత్‌రూము తూములో పోయనివ్వకండి, లైను బిగుసుకుపోయి కింద ఇళ్లలో పొంగుతుంది. డ్రమ్ములో తేరనిచ్చి, అడుగున పేరుకున్నది మట్టి బస్తాల్లో కలపాలి.

ఎమరీ దుమ్ము ఇంకో రకం. మైదాపిండిలా సన్నగా ఉండి, గాలిలో గంటలకొద్దీ తేలుతుంది. వంటింటి, బాత్‌రూముల షాఫ్టులోంచి ఎక్కడెక్కడికో పోతుంది. రెండంతస్తుల పైన ఆవిడ వంటగది గట్టుమీద తెల్లటి పొర కనపడితే అది మీ ఇంటిదే. ఎమరీ కొట్టే గదిలో ఫ్యాన్ వేయనివ్వకండి, షాఫ్టు కిటికీకి షీటుని నాలుగు వైపులా టేపుతో అంటించండి. పైన రెండు మేకులు కొట్టి వేలాడదీస్తే లాభం లేదు. ఎమరీ యంత్రానికి వ్యాక్యూమ్ గొట్టం తగిలించే రకం అద్దెకి దొరికితే ఆ రెండు రోజులకి తీసుకోవడం మంచిది.

ఇచ్చే పద్ధతి

పై నుంచి కింది దాకా 03 వరుస అన్ని ఇళ్లకీ, మీ అంతస్తులో మిగతా మూడింటికీ, కింద అంతస్తులో అటూ ఇటూ ఉన్న 202, 204లకీ చేతికి ఇవ్వండి. తలుపు తట్టి, కాగితం చూపించి, మొదటి నాలుగు రోజుల గంటలు నోటితో చెప్పండి, రెండు నిమిషాల పని. తాళం వేసి ఉంటే తలుపు కింద తోసి, రాత్రికి ఫోన్ చేయండి. మిగతావాళ్లకి గ్రూపులో పెడితే చాలు. ఒక కాపీ వాచ్‌మన్‌కి ఇవ్వండి. పగలంతా ఇంట్లో ఉన్నవాళ్లు ముందు అడిగేది అతన్నే. అతనికి గంటలు తెలిస్తే కూలీలు ఎనిమిదింటికే వచ్చి మొదలుపెట్టబోతే ఆపగలడు.

పని మొదలయ్యాక ఉత్తరాన్ని బతికించేది రోజూ సాయంత్రం గ్రూపులో పెట్టే రెండు వాక్యాలు. "రేపు బుధవారం 10:30 నుంచి 1, 3 నుంచి 5:30 బ్రేకర్. 11:30కి మట్టి దింపుతాం." అంతే. ఉత్తరం మడతపెట్టి ఎక్కడో పెట్టేసినవాళ్లకి ఇదే గుర్తు. ఆ రోజు పని ముందే ముగిస్తే అదీ చెప్పండి.

మాట తప్పినప్పుడు

తప్పుతుంది. బ్రేకర్ బిట్టు విరుగుతుంది, కూలీ రాడు, పాత మాలు అనుకున్నదానికన్నా గట్టిగా ఉంటుంది. 303లో కూడా గురువారానికి అవ్వాల్సిన పని మూడో వంతు మిగిలిపోయింది. అలాంటప్పుడు శుక్రవారం చడీచప్పుడు లేకుండా పెంచేయకండి. గురువారం సాయంత్రం నాలుగింటికే లెక్క చూసుకుని, ఆరు లోపల చెప్పండి:

"నమస్కారం, 303 నుంచి. ఈరోజుతో అయిపోతుందని చెప్పిన బ్రేకర్ పని హాలులో ఒక మూల, ఒక బాత్‌రూము మిగిలింది. రేపు శుక్రవారం 10:30 నుంచి 1 దాకా, 3 నుంచి 5:30 దాకా ఉంటుంది. ఎల్లుండికి ఏమీ మిగలదు. రేపటికి ఎవరికైనా ఇబ్బంది ఉంటే ఈ రాత్రే చెప్పండి."

ఇందులో ఎంత మిగిలిందో ఉంది, ఎప్పటికి అవుతుందో ఉంది. "సాంకేతిక కారణాల వల్ల" లాంటి మాటలు లేవు. 203 వాళ్లకి మాత్రం మెసేజీతో సరిపెట్టకుండా ఫోన్ చేయాలి, ఎందుకంటే ఊళ్లో లేనివాళ్లు శుక్రవారం తిరిగొద్దామనుకుని ఉంటారు. ఒక్కసారి ఇలా పొడిగిస్తే ఎవరూ ఏమీ అనరు. రెండోసారి కూడా అయితే మిషన్ల సంఖ్య పెంచండి, గంటల్ని మాత్రం పెంచకండి.

ఎవరైనా కోపంగా గ్రూపులో రాస్తే, గ్రూపులో జవాబు ఒక్క వాక్యమే ఉండాలి: "చూశానండి, ఇప్పుడే మీ ఇంటికి వస్తున్నాను." వెళ్లి వాళ్ల ఇంట్లో నిలబడి ఒక్క నిమిషం ఆ చప్పుడు వినండి. దుమ్ము అయితే ఏ కిటికీలోంచి వస్తోందో చూడండి. తిరిగొచ్చి షీటు ఎక్కడ ఊడిందో చూస్తే చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. దుమ్ము పడ్డ గది శుభ్రం చేయించే మనిషిని పంపడం మీ బాధ్యత.

బాత్‌రూము నీళ్ల పరీక్ష రోజులకి మాత్రం 203 వాళ్లకి విడిగా చెప్పుకోవాలి. వాటర్‌ప్రూఫింగ్ వేశాక గచ్చు మీద ఒకటి రెండు రోజులు నీళ్లు నిలబెడతారు. ఆ టైములో పొద్దునా సాయంత్రం వాళ్ల సీలింగు ఒకసారి చూసి చెప్పమనండి. మరక కనిపిస్తే టైల్స్ వేయకముందే సరిచేసుకోవచ్చు. టైల్స్ వేశాక తెలిస్తే మళ్లీ బ్రేకర్, మళ్లీ ఉత్తరం.

పని అయిన రోజు మెట్లు, లిఫ్టు, సెల్లార్ చివరిసారి కడిగించి, పని పూర్తయిందని గ్రూపులో పెట్టండి, ఎక్కడైనా మరక, గీత కనిపిస్తే వారంలోగా చెప్పమని రాయండి. నెల తర్వాత ఒక సాయంత్రం 203కి వెళ్లి, ముందు తీసిన ఫొటో పక్కన పెట్టుకుని వాళ్ల రెండు బాత్‌రూముల సీలింగులు చూసి రండి.